ఏడు చేపల కథ కింద ఏం రాద్దాం?

రా, కూర్చో. టీ చల్లారేలోపు నీ ఫోన్ ఇలా ఇవ్వు చూద్దాం.

వీడియో ముచ్చటగా చేశావు. అమ్మమ్మ చెప్పిన ఏడు చేపల కథ, నాలుగు నిమిషాలు, బొమ్మలు కూడా నువ్వే గీశావు. కానీ కింద వివరణలో ఏం రాశావు? ‘అన్ని వయసుల పిల్లలకీ నచ్చే నీతి కథ, తెలివితేటలు పెరుగుతాయి.’ అంతే! దాని కింద కథకి సంబంధం లేని ముప్పై మాటలు. ఎవరో అలా రాయమన్నారు, నువ్వూ రాసేశావు. మనందరం మొదట్లో చేసే పనే ఇది, దిగులు పడకు.

ఆ వివరణ చదివేది పిల్లాడు కాదు కదా! ఒక చేత్తో గరిట తిప్పుతూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకున్న తల్లి. ఆమెకి కావలసింది ఒక్కటే. ఇది మా వాడికి సరిపోతుందా? పైగా యూట్యూబ్‌లో పిల్లల కోసం చేసిన వీడియో అని మనం తప్పకుండా గుర్తు పెట్టాలి, 2020 జనవరి నుంచి అదే పద్ధతి. అలా పెడితే కామెంట్లు మూసేస్తారు. అంటే ఆ తల్లి మనల్ని సందేహం అడగడానికి దారే లేదు. ఆమె అడగబోయేదానికి జవాబు ముందే అక్కడ ఉండాలి.

మరి వయసు ఎలా తేలుస్తాం? ఊహించి రాయకు. పక్కింటి పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టి, కథ సగంలో ఆపి అడుగు, ‘చేప ఎందుకు ఎండలేదు?’ అని. ఈ కథ ఒక గొలుసు కదా! చేపని అడిగితే గడ్డిమోపు మీద చెబుతుంది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద. అలా అవ్వ, పసిపిల్లాడు, చివరికి చీమ. రెండేళ్ల వాళ్లు ఆవు బొమ్మ చూసి ‘అంబా’ అని ఊరుకుంటారు. మూడేళ్లు దాటినవాళ్లు ఒకటి రెండు లంకెలు పట్టుకుంటారు. ఐదారేళ్లకి గొలుసంతా వెనక నుంచి ముందుకి చెప్పేస్తారు. ఏడెనిమిదేళ్ల వాళ్లు ‘మాకు తెలుసులే’ అని లేచి వెళ్లిపోయారనుకో, నీ వయసు గీత అక్కడే. ఈ కథకి నేనైతే 3 నుంచి 6 ఏళ్లని రాస్తాను.

ఇక ఏం నేర్చుకుంటారన్న మాట. ‘తెలివితేటలు పెరుగుతాయి’ తీసెయ్. అది ఏ వీడియో కిందైనా అతుకుతుంది, అందుకే ఎవరూ నమ్మరు. వీడియోలో వేలు పెట్టి చూపించగలిగిందే రాద్దాం. ఏడు వరకు లెక్క ఉందా? ఉంది. అక్షరాలు ఉన్నాయా? లేవు, మరి ఆ ముప్పై మాటల్లో ‘అఆలు’ అని ఎందుకు పెట్టావు? అఆల కోసం వచ్చిన తల్లి అర నిమిషంలో వెళ్లిపోతుంది. వీడియోలో లేనిది ఉన్నట్టు చెప్పి జనాన్ని రప్పించడం యూట్యూబ్ నియమాలకీ విరుద్ధం.

ఇదిగో, ఇలా రాసుకో.

‘ఏడు చేపల కథ, 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకి, 4 నిమిషాలు. ఎందుకు అని అడగడం, జరిగింది వరసగా గుర్తుంచుకుని చెప్పడం అలవాటవుతుంది.

ఒకటి నుంచి ఏడు లెక్క, ఆవు, చేప, చీమ పేర్లు వస్తాయి. చీమ కుట్టినప్పుడు పసివాడు ఏడుస్తాడు, అంతకుమించి భయపెట్టేవి లేవు. మోపు అంటే కట్టగా కట్టిన గడ్డి. పాలేరు అంటే ఇక్కడ ఆవుని మేపే మనిషి. కథ అయ్యాక అడగండి, ఆవు ఎందుకు మేయలేదు?’

మోపు అర్థం ఎందుకంటావా? డల్లాస్‌లో పెరిగే మనవడికే కాదు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లలకీ ఆ మాట తెలియదు. పిల్లాడు అడిగినప్పుడు తల్లి తడుముకోకూడదు.

చివర్లో వెతికే మాటలు. మనం తెలుగులో మాట్లాడతాం గానీ ఫోన్‌లో చాలామంది ఇంగ్లీషు అక్షరాలతోనే కొడతారు. కాబట్టి `edu chepala katha` అనీ, `Telugu story for 4 year olds` అనీ మామూలు వాక్యంలో కలిపి రాయి. హ్యాష్‌ట్యాగ్‌లు మూడు చాలు. 60 దాటితే యూట్యూబ్ అన్నిటినీ పక్కన పడేస్తుంది.

పెట్టేశాక నీ ఫోన్‌లోనే తెరిచి చూడు, వివరణ మొత్తం విప్పకుండా. పైన కనిపించే రెండు మూడు వరుసల్లో కథ పేరు, వయసు ఉన్నాయా? లేకపోతే, పైన పలకరింపు వాక్యం ఏదైనా పెట్టి ఉంటే తీసెయ్, మళ్లీ చూడు.